రొయ్యల చెరువు లెక్కకు RK45, BDF: మూడేళ్ల వాడకం తర్వాత

మాది భీమవరం పక్క ఊరు. బాబాయి చెరువులో అమ్మోనియా ఎలా పెరుగుతుందో, తగ్గుతుందో చూద్దామని పైథాన్ లైబ్రరీ సైపైలో అవకలన సమీకరణాలను అడుగడుగునా లెక్కించే `solve_ivp` పట్టుకున్నాను. మెథడ్ ఏమీ చెప్పకపోతే RK45 అనే పద్ధతి నడుస్తుంది. చెరువులో ఒక్క రోజుకు లెక్క పెట్టి భోంచేసి వచ్చినా పూర్తి కాలేదు, పైగా `t_eval` ఇవ్వలేదేమో, ప్రతి అడుగూ దాచుకుంటూ ల్యాప్‌టాప్ మెమరీ నింపేసింది. బాబాయి తొంగిచూసి "నీ లెక్క తేలేలోపు మన పట్టుబడి అయిపోతుందిరా" అన్నాడు.

తప్పు కోడ్‌లో లేదు. నీళ్లలో అమ్మోనియం అయాన్, విషపు అమ్మోనియా ఒకదానిలోకి ఒకటి మారుతూ ఉంటాయి. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 8 అయితే అయాన్ అమ్మోనియాగా మారే వేగం సెకనుకు సుమారు 25, తిరిగొచ్చేది 430. అంటే ఈ మార్పు ఎంత త్వరగా సర్దుకుంటుందో చెప్పే ఐగెన్ విలువ దాదాపు −455. బాక్టీరియా అమ్మోనియాను తినే వేగం నేను రోజుకు 0.2 అనుకున్నాను, సెకనుకు చూస్తే 0.0000023. రెంటికీ మధ్య తేడా ఇరవై కోట్ల రెట్లు.

వేగమైన భాగం సెకనులో యాభయ్యో వంతులోపే సర్దుకుంటుంది. ఆ తర్వాత గీత నున్నగా ఉంటుంది, పెద్ద అడుగులు వేయొచ్చనిపిస్తుంది. కానీ మామూలు ఆయిలర్ పద్ధతిలో అడుగు 0.01 సెకను పెడితే మిగిలిన చిన్న తప్పు ప్రతిసారీ 1 − 4.55, అంటే −3.55తో గుణించబడుతుంది, పది అడుగుల్లో అదుపు తప్పిపోతుంది. RK45 హద్దు కాస్త మెరుగు, సుమారు 3.3/455, అంటే 0.007 సెకను. తప్పు పెరగబోతుంటే తనే అడుగు తగ్గించుకుంటుంది కాబట్టి జవాబు పాడవదు, పని మాత్రం తెమలదు. రోజుకు కోటీ ఇరవై లక్షల అడుగులు!

మీ లెక్కా ఇలాగే ఉందా అని తెలుసుకోవాలంటే ఒక్క నిమిషానికి నడిపి చూడండి:

```
for r in (1e-3, 1e-6):
    s = solve_ivp(f, (0, 60), y0, rtol=r)
    print(len(s.t))
```

నాకు రెండుసార్లూ ఎనిమిది వేల చిల్లరే వచ్చింది. ఖచ్చితత్వం వెయ్యి రెట్లు అడిగినా అడుగుల సంఖ్య దాదాపు కదల్లేదంటే, అడుగును పట్టి ఉంచేది ఖచ్చితత్వం కాదు, స్థిరత్వం.

ఇలాంటి లెక్కల కోసమే ఉన్న BDF పద్ధతిని `method="BDF"` అని పెడితే రోజంతా వంద అడుగుల్లోపే అయిపోయింది. ప్రతి అడుగులో సమీకరణాలు సాధించాలి, అందుకు పాక్షిక అవకలనాల పట్టిక జాకోబియన్ కావాలి, అయినా రెండే చలరాశులున్న చోట అదో ఖర్చు కాదు. నచ్చనిది ఒకటే. ఏరేటర్ ఆన్, ఆఫ్ అయిన ప్రతిచోటా సమీకరణాలు ఒక్కసారిగా మారతాయి కాబట్టి లెక్క ఆపి మళ్లీ మొదలుపెట్టాలి, అప్పుడు BDF మొదటి ఆర్డర్ నుంచి చిన్న అడుగులతో పాకుతూ వస్తుంది. మా ఏరేటర్లు రాత్రంతా అలా ఆగి తిరుగుతూనే ఉంటాయి.

అందుకే ఇప్పుడు మొత్తం అమ్మోనియా ఒక్కటే చలరాశిగా ఉంచి, అందులో 25/455, అంటే 5.5 శాతం విషపు భాగం అని నేరుగా రాస్తున్నాను. వేగమైన ఐగెన్ విలువే పోయింది, పాత RK45 హాయిగా నడుస్తోంది. మధ్యాహ్నం పీహెచ్ పెరిగితే 430 తగ్గి ఆ శాతం పెరుగుతుంది, దాన్ని మాత్రం గంటగంటకూ మార్చుకోవాలి. పూర్తి మోడల్‌ను BDFతో నడిపేది ఈ కుదింపు సరిపోయిందా అని సరిచూసుకోవడానికే.