పెళ్లి లిస్టు: పదేళ్లకు పైగా వాడి చూసినంక

మా నాయిన నల్లగొండలో ఒక పెళ్లిళ్ల బ్యూరోలో నింపిచ్చిన ఫారం జిరాక్స్ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. సర్కారు కొలువు, ఎత్తు ఐదడుగుల ఎనిమిది, టౌన్లో సొంత ఇల్లు, తాగుడు లేనోడు, ఆడబిడ్డల పెళ్లిళ్లు అయిపోయిన ఇల్లు, జాతకంలో 36కి 18 గుణాలు దాటాలె. కింద నా చేతిరాతతో మూడు చేర్చిన. మాట మెత్తగా ఉండాలె, పుస్తకాలు చదవాలె, పెళ్లయినంక నా టీచర్ ఉద్యోగం మాన్పించొద్దు. వచ్చిన సంబంధంలో సొంత ఇల్లు, పుస్తకాలు తప్ప అన్నీ కుదిరినయి. పెళ్లయి పదేళ్లు దాటింది. ఇప్పుడు మా బంధువుల ఇళ్లల్ల ఇట్లాంటి లిస్టులే రాస్తుంటే చూసి, ఈ కాగితం ఎంత పనికొచ్చిందో చెప్పాలనిపించింది.

ముందు పనికొచ్చిన సంగతి. తాగుడు గురించి, ఉద్యోగం గురించి రాసిన రెండు లైన్లు నిజంగా నన్ను కాపాడినయి. ఉద్యోగం మానాలన్న రెండు సంబంధాలు ఆ లైన్ దగ్గరే ఆగిపోయినయి. చెయ్యి చేసుకోవడం, అప్పులు దాచడం, పిల్లలు కావాలా వద్దా, పెళ్లయినంక ఎక్కడ ఉండాలె, ఇట్లాంటివి ముందే అడగాలె. ఈ విషయంలో లిస్టు జల్లెడ లెక్క మంచిగనే పనిచేస్తది, రాకూడనిదాన్ని ఆపుతది. కానీ లోపలికి వచ్చిన మనిషితో సుఖంగా ఉంటమా లేదా అన్నది అది చెప్పలేదు.

ఎత్తు గురించి మొదటి ఏడాది తర్వాత నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. జాతకంలో 24 గుణాలు కలిసినయని పంతులు చెప్పినప్పుడు మా అమ్మ మురిసింది, అంతే. ఆయన పుస్తకాలు చదవడు, నాకు అది లోటనిపించలేదు, ఎందుకంటే నేను చదివింది చెప్తే కూర్చొని వింటడు. రోజూ కళ్ల ముందుండేదాన్ని మనసు లెక్కలోకి తీసుకోవడం మానేస్తది. సర్కారు కొలువు కూడా అంతే. మొదటి జీతానికి పండగ, పదో జీతానికి మామూలు.

అన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పింది 'మాట మెత్తన' అన్న లైన్. ఆయన నిజంగనే మెత్తని మనిషి. పెళ్లిచూపుల్ల మా మేనమామ ఎన్ని అడిగినా నెమ్మదిగా జవాబిచ్చిండు. పెళ్లయినంక మాకు మాట పట్టింపు వస్తే అదే మెత్తదనం మౌనమైంది. గొంతు పెంచడు, కానీ రెండు రోజులు పలకడు. నేను ఇంకింత గట్టిగ అడుగుత, ఆయన ఇంకింత లోపలికి పోతడు. కోపం లేని మనిషినే కదా కోరుకున్నది, వచ్చిండు, అయినా ఇంట్లో ఊపిరి ఆడేది కాదు. అక్కడ నాకు అర్థమైంది ఏందంటే, గుణం అనేది మనిషి ఒక్కని దగ్గర ఉండే వస్తువు కాదు. నా తీరు, ఆయన తీరు తగిలినప్పుడు ఏం పుడుతదో అదే మేము బతికే బతుకు. ఆ తగిలే చోటును ఏ ఫారమూ అడగదు.

ఒక ఎండాకాలం సంగతి చెప్త. కనగల్ దిక్కు మా నాయినకు బత్తాయి తోట ఉంది. రెండు బోర్లూ ఎండిపోయినయి. చెట్లు కాపు మీద ఉన్నయి, ఆకు ముడుచుకుంటుంది. నాయిన కొబ్బరికాయతో నీళ్లు చూసెటాయన్ని పిలిపించి ఇంకో బోరు వేస్తనన్నడు, పైసలు నన్ను అడిగిండు. మా దగ్గరున్నవి ప్లాటు కోసం కూడబెట్టినవి. నేను ఇద్దామన్న. మా ఆయన, "ఆరు వందల ఫీట్లు దిగినా నీళ్లు పడతయని ఎవరు చెప్పగలరు?" అన్నడు. నేను, "మీ నాయిన అయితే ఇట్లనే అంటరా?" అన్న. ఆయన లేచి బయటికి పోయిండు.

అయితే ఆసారి రెండు రోజులు పట్టలేదు. అంతకుముందు ఒక పంచాయితీ తర్వాత మేము ఒక ఒప్పందం పెట్టుకున్నం. ఎవరికి గొంతు నిండినా లేచి పోవచ్చు, కానీ ఎప్పుడు తిరిగొచ్చి మాట్లాడతరో చెప్పి పోవాలె. "అన్నం తిన్నంక మాట్లాడుకుందం" అని చెప్పే పోయిండు, తిన్నంక వచ్చి కూర్చున్నడు. ముందు పైసల మాట ఎత్తలేదు. "నీకు దేనికి భయమైతుంది? చెట్లు పోతయనా, నాయిన ఏమైతడోననా?" అని అడిగిండు. నాయిన గురించే అని చెప్పిన. అప్పుడు నేను కూడా ఆయన్ని అడిగిన. వాళ్ల చిన్నాయిన బోరు మీద బోరు వేసి అప్పులపాలైన సంగతి అప్పుడు పూర్తిగా చెప్పిండు. అది విన్నంక ఆయన అడ్డం చెప్పేది పైసలకు కాదని తెలిసింది. ఆఖరికి కొత్త బోరు వద్దనుకున్నం. వానలు పడేదాకా ట్యాంకర్లతో నీళ్లు కొని చెట్లకు పోద్దాం, ఆ ఖర్చు మనది అనుకున్నం. నాయినకు ఆ మాట ఆయనే ఫోన్ చేసి చెప్పిండు. కొన్ని చెట్లు ఎండినయి, తోట నిలిచింది. ప్లాటు ఆలస్యమైంది.

నా ఇంటి అనుభవం మీదనే ఇంత గట్టిగ చెప్తలేను. 2020లో కెనడాకు చెందిన సమంతా జోయెల్, మరి చాలామంది పరిశోధకులు కలిసి 43 అధ్యయనాల్లోని పదకొండు వేలకు పైగా జంటల వివరాలను పరిశీలించిండ్రు. మనిషి సొంత గుణాలకంటే ఆ బంధం గురించి ఆయా మనుషులకు కలిగే భావాలే తృప్తిని ఎక్కువగా చెప్పగలిగినయి. అవతలి మనిషి ఈ బంధాన్ని గట్టిగ పట్టుకున్నడా, నా విలువ గుర్తిస్తుండా, శారీరక దగ్గరతనంలో తృప్తి ఉందా, గొడవలు ఎట్లున్నయి, ఇట్లాంటివి. ఆ జంటలు ఎక్కువగా పాశ్చాత్య దేశాలవి, తమంతట తాము కలుసుకున్నోళ్లు. మన దగ్గర అత్తమామలు, పొలం, కులపోళ్ల మాట కూడా లెక్కలోకి వస్తయి. అందుకని ఆ కొలతలను నేను మన ఇళ్లకు ఉన్నదున్నట్టు అంటించను. దిక్కు మాత్రం నేను చూసినదానితో సరిపోయింది. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్త జంటలను గమనించి ఆరేళ్ల తర్వాత మళ్లీ చూసిండు. కలిసి నిలిచినోళ్లు, అవతలి మనిషి చిన్న మాట కలిపితే 86 శాతం సార్లు అటు తిరిగి స్పందించినోళ్లు. విడిపోయినోళ్లలో అది 33 శాతమే.

మరి ఇది పెళ్లికి ముందు ఎట్ల తెలుస్తది? పెళ్లిచూపుల అరగంటలో తెల్వదు, అక్కడ అందరూ మంచిగనే ఉంటరు. నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఫోన్లలో తెలుస్తది. ఇవాళ బడిలో ఇట్ల అయింది అని చెప్పినప్పుడు ఆ పిలగాడు ఇంకో ప్రశ్న అడుగుతుండా, తన సంగతికి దూకుతుండా? దేనికన్నా "వద్దు" అని చెప్పి చూడాలె. అలుగుతుండా, బతిమిలాడి ఒప్పిస్తుండా, కారణం అడుగుతుండా? ఒకసారి మాట పట్టింపు వస్తే తిరిగొచ్చేది ఎవరు? ప్రతిసారీ ఒక్కరే అయితే అది పెళ్లయినంక కూడా అంతే. ఫోన్ ఆపేసి శిక్షించడం, మీ అమ్మనాయిన ముందర ఒక తీరు, నీతో ఒక తీరు ఉండడం, ఇవి కనబడితే ఆగాలె. కులం, కొలువు కలిసినయి కదా అని పెద్దోళ్లు నచ్చచెప్పినా ఆగాలె.

మా చెల్లె బిడ్డకు ఈ ఏడాది సంబంధాలు చూస్తున్నరు. ఆమె ఫారం నేనే నింపిన. తాగుడు, చెయ్యి చేసుకోవడం, అప్పులు, ఆమె చదువు, ఇవి నాలుగే గట్టి షరతులు పెట్టిన. మిగిలిన గడులు ఖాళీగా వదిలిన. నిశ్చితార్థం అయినంక నాలుగు నెలలన్నా గడువు కావాలని మగపెళ్లోళ్లకు ముందే చెప్పమని మా చెల్లెకు చెప్పిన. ఆ నాలుగు నెలల్ల వాళ్లిద్దరే కూర్చొని పెళ్లి ఖర్చుల పద్దు రాసుకోవాలె. పైసలు, రెండు ఇండ్లు, మర్యాదలు అన్నీ ఆ ఒక్క పద్దులోకి వస్తయి. అక్కడ ఒక్కసారన్నా తేడా రాకుండ పోదు.