ఫోన్‌తో పాట రికార్డింగ్: యామహా ఏజీ03 మిక్సర్‌ను చాలాకాలం వాడిన తర్వాత

కంప్యూటర్ లేకుండా, ఒక ఆండ్రాయిడ్ ఫోనునూ యామహా ఏజీ03 మిక్సర్‌నూ మాత్రమే పెట్టుకొని ఇంట్లో గాత్రాన్నీ వీణనూ రికార్డు చేస్తూ వస్తున్నాను. ఈ సమీక్ష 2015లో వచ్చిన మొదటి ఏజీ03 గురించి. తర్వాత వచ్చిన రెండో రూపాన్ని నేను వాడలేదు. శబ్ద నాణ్యతపై ఇప్పటికే చాలామంది రాశారు కనుక, ఫోనుతో పనిచేసేటప్పుడు అసలు ఇబ్బంది పెట్టే రెండు విషయాలనే, అంటే కరెంటునూ ఆలస్యాన్నీ, ఇక్కడ వివరంగా తీసుకుంటాను.

మొదటి ఛానల్లో కండెన్సర్ మైకు, రెండో ఛానల్లో వీణకు అతికించి దాని కంపనాలను పట్టుకునే కాంటాక్ట్ పికప్ ఉంటాయి. ఆ రెండో ఛానల్‌కు గిటారు కోసం ఇచ్చిన హై ఇంపిడెన్స్ బటన్ నొక్కితే పికప్ ధ్వని నిండుగా వస్తుంది, నొక్కకపోతే మంద్ర స్వరాలు పలచబడతాయి. మైకు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ ఒక్కటే ఉన్నందున ఇద్దరు కూర్చొని మాట్లాడే పాడ్‌కాస్ట్‌కు ఈ పెట్టె సరిపోదు. అందుకు రెండో మైకు పెట్టుకోగల ఏజీ06 తీసుకోవడమే మంచిది.

కరెంటు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అది కుదరకపోతే మిగిలినదేదీ నిలబడదు. ఏజీ03 గరిష్ఠంగా రెండున్నర వాట్లు, అంటే 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. యూఎస్‌బీ కేబుల్ ఒక్కటే కలిపితే ఆ భారమంతా ఫోను మీద పడుతుంది. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్ అవర్ల శక్తి ఉంటుంది కనుక, ఓల్టేజీని పెంచడంలో పోయే నష్టాన్ని కూడా కలుపుకుంటే గంటకు ఆరో వంతు బ్యాటరీ మిక్సర్‌కే ఖర్చవుతుంది; తెర, యాప్ తినేది దీనికి అదనం. అంతకంటే ముఖ్యమైన సంగతి, అంత కరెంటును స్థిరంగా ఇవ్వడానికి అన్ని ఫోన్లూ ఒప్పుకోవు. కండెన్సర్ మైకు పనిచేయడానికి దాని కేబుల్ గుండానే అందించే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ బటన్ నొక్కిన క్షణంలో వాడకం పెరిగి, ఫోను మిక్సర్‌ను వదిలేయవచ్చు.

ఇలా వదిలేసినప్పుడు చాలా యాప్‌లు ఆగిపోవు, ఏ హెచ్చరికా లేకుండా ఫోను సొంత మైకుకు మారి రికార్డింగును కొనసాగిస్తాయి. లెవెల్ మీటరు కదులుతూనే ఉంటుంది కాబట్టి పాడేవారికి అనుమానం రాదు, పాట పూర్తయ్యాక విన్నప్పుడే గది ప్రతిధ్వనితో నిండిన బోలు శబ్దం బయటపడుతుంది. అందువల్ల ప్రతి రికార్డింగుకు ముందు ఫోను అడుగుభాగాన్ని గోటితో గీకి చూస్తాను. మీటరు ఎగిరితే యాప్ తప్పు మైకును వింటున్నదని అర్థం.

ఈ పెట్టెను నేను మెచ్చుకోవడానికి ప్రధాన కారణం దాని వెనుకనున్న రెండో పోర్టు. డేటా కోసం ఉన్న చదరపు యూఎస్‌బీ పోర్టుతో పాటు, కరెంటు కోసమే ఒక మైక్రో యూఎస్‌బీ పోర్టు ఇచ్చారు. దానికి పవర్ బ్యాంకు కలిపితే మిక్సర్ తన కరెంటు తాను తీసుకుంటుంది, ఫోను మాత్రం డేటా వరకే చూసుకుంటుంది. నా వాడకంలో అప్పటినుంచి ఫాంటమ్ నొక్కినప్పుడు తెగిపోవడం మళ్ళీ జరగలేదు. గోడ ఛార్జరు కూడా పనిచేస్తుంది కానీ, రెండు పిన్నుల ఛార్జర్లలో చాలావాటి నుంచి 50 హెర్ట్జ్ గుయ్యిమనే శబ్దం, దాని మీద సన్నని కీచు మైకు మార్గంలోకి చొరబడతాయి. గుర్తించడం సులువు: హెడ్‌ఫోన్లలో వింటూ మైకు లోహపు ఒంటిని తాకితే గుయ్యిమనడం తగ్గుతుంది, ఛార్జరు ప్లగ్గు పీకితే పూర్తిగా పోతుంది. పవర్ బ్యాంకుకు గోడతో సంబంధమే లేదు కనుక ఈ బెడద ఉండదు, అయితే అదే సమయంలో పవర్ బ్యాంకును గోడకు పెట్టి ఛార్జి చేస్తే సమస్య తిరిగి వస్తుంది.

ఇక ఆలస్యం. మైకులోకి వెళ్ళిన గొంతు డిజిటల్‌గా మారి, ధ్వనిని కొద్దికొద్దిగా పోగుచేసి పంపే ఫోను బఫర్లలో ఆగి, యాప్ గుండా పోయి, మళ్ళీ హెడ్‌ఫోన్లకు చేరేసరికి గడిచే కాలాన్నే లేటెన్సీ అంటారు. ఏజీ03లో మైకు శబ్దం ఫోనుకు వెళ్ళకుండానే నేరుగా హెడ్‌ఫోన్లకు వస్తుంది కనుక, పాడేవారికి తమ గొంతు ఆలస్యంగా వినిపించే ప్రశ్నే లేదు. ఇందుకు షరతు ఒక్కటే: యాప్‌లోని మానిటరింగ్‌ను, అంటే రికార్డవుతున్న శబ్దాన్ని తిరిగి వినిపించే సౌకర్యాన్ని, ఆపివేయాలి. ఆపకపోతే నేరుగా వచ్చిన గొంతు వెనుక ఫోను నుంచి తిరిగివచ్చిన గొంతు నీడలా వినిపిస్తుంది. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు మాత్రం ఈ పనికి పూర్తిగా పనికిరావు.

అయినా ఆలస్యం ఒకచోట మిగిలే ఉంటుంది. ముందుగా వీణను రికార్డు చేసి, దానిని వింటూ గాత్రం పాడినప్పుడు, వీణ ఫోను నుంచి బయటికి రావడానికి కొంత, గాత్రం ఫోనులోకి వెళ్ళడానికి కొంత కాలం పట్టి, ఆ రెండూ కలిసినంత మేర గాత్రం వెనక్కి జరిగి నమోదవుతుంది. దీనిని ఊహతో సరిచేయకుండా కొలవాలి. ఒక ట్రాకులో క్లిక్ శబ్దం పెట్టి, హెడ్‌ఫోనును మైకుకు ఆనించి, ఆ క్లిక్‌నే రెండో ట్రాకులో రికార్డు చేస్తే రెండు శిఖరాల మధ్య దూరం తెర మీద కనిపిస్తుంది. నా ఫోనులో సాధారణ యాప్‌తో అది 1,680 శాంపిళ్ళు. 48 కిలోహెర్ట్జ్ వద్ద, అంటే ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి ఒక్కో కొలతను ఒక శాంపిల్‌గా రాసేటప్పుడు, 48 శాంపిళ్ళు ఒక మిల్లీ సెకను కనుక, ఆలస్యం 35 మిల్లీ సెకన్లు. నిమిషానికి 80 దెబ్బల ఆదితాళంలో ఒక్కో దెబ్బ 750 మిల్లీ సెకన్లు, చతురశ్ర గతిలో దాని నాలుగో వంతు సుమారు 187 మిల్లీ సెకన్లు. అందులో దాదాపు ఐదో వంతు జారిందంటే, చక్కగా పాడినవారు కూడా తాళం వెనుక పడుతున్నట్టే వినిపిస్తుంది. గాత్రం ట్రాకును 1,680 శాంపిళ్ళు ముందుకు, అంటే తెర మీద ఎడమవైపుకు, జరిపితే రెండూ కలుస్తాయి.

ఈ కొలతను యాప్‌ను మూసి తెరిచి మరికొన్నిసార్లు చేయాలి. అంకె మారకుండా ఉంటే ఆలస్యం ఎంత ఎక్కువైనా చింత లేదు, ఒకసారి రాసిపెట్టుకుంటే చాలు. ప్రతిసారీ మారుతుంటే ఆ యాప్‌తో ట్రాకుల మీద ట్రాకులు వేసే పని పెట్టుకోకూడదు. ఆండ్రాయిడ్ సొంత ఆడియో మార్గాన్ని పక్కనపెట్టి తన యూఎస్‌బీ డ్రైవరుతోనే మిక్సర్‌ను నడిపే ఆడియో ఎవల్యూషన్ మొబైల్ వంటి యాప్‌లలో బఫర్ పరిమాణాన్ని మనమే ఎంచుకోవచ్చు, నా పని ఇప్పుడు దానిలోనే సాగుతోంది. బఫర్‌ను మరీ తగ్గిస్తే రికార్డింగులో చిటచిటలు మొదలవుతాయి. నేరుగా వినే సౌకర్యం ఉన్నప్పుడు చిన్న బఫర్ అవసరమే లేదు కాబట్టి నేను దానిని పెద్దదిగానే ఉంచుతాను.

చివరిగా, ఫోనుకు ఏది పంపాలో నిర్ణయించే మూడు స్థానాల స్విచ్ సంగతి. డ్రై స్థానంలో గాత్రం ఎడమ ఛానల్లోకి, వీణ కుడి ఛానల్లోకి విడివిడిగా వెళతాయి కనుక తర్వాత వేటికవి సరిచేసుకోవచ్చు. ఇన్‌పుట్ మిక్స్‌లో రెండూ కలిసిపోతాయి. లూప్‌బ్యాక్ స్థానం ఫోనులో మోగుతున్న శబ్దాన్ని కూడా తిరిగి ఫోనుకే పంపుతుంది. ప్రత్యక్ష ప్రసారంలో నేపథ్య సంగీతం వినిపించడానికి అది అవసరం. ట్రాకు మీద ట్రాకు వేసేటప్పుడు మాత్రం పాత వీణ కొత్త గాత్రం ట్రాకులో శాశ్వతంగా అంటుకుపోతుంది, తర్వాత దానిని వేరుచేయడం సాధ్యం కాదు. రికార్డింగు కోసమే కొనేవారు ఆ స్విచ్‌ను డ్రై స్థానంలో పెట్టి, దాని మీద ఒక టేపు ముక్క అతికించడం మంచిది.