జీతం పేజీ ఒక్కటే చూసి ఆఫర్ లెటర్‌పై సంతకం పెట్టకండి: నాకు 1,35,000 రూపాయలు పోయాయి

గతవారం మా పిన్ని కూతురు తన మొదటి ఆఫర్ లెటర్ పంపించి, "అన్నయ్యా, ఏడు లక్షలు అంటున్నారు, బాగుంది కదా?" అని అడిగింది. పదకొండు పేజీల పత్రంలో తను చదివింది చివరి పేజీలోని జీతం పట్టిక ఒక్కటే. 2023లో నేనూ సరిగ్గా అదే చేశాను. అందుకే ఈ పోస్టు.

నాది హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీ. పేరు చెప్పను. నాకు ఇస్తామన్న సీటీసీ, అంటే ఏడాదికి కంపెనీ నా మీద పెట్టే మొత్తం ఖర్చు, 9 లక్షలు. పన్నెండుతో భాగించుకుని నెలకు 75 వేలు వస్తాయని లెక్క వేసుకున్నాను. మొదటి నెల ఖాతాలో పడింది దాదాపు 51,500. మోసమేమీ జరగలేదు, అంతా పట్టికలోనే ఉంది. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే 1,35,000. మొదటి ఏడాది ఒక్కసారి ఇచ్చే జాయినింగ్ బోనస్ 75,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 21,600, గ్రాట్యుటీ 14,430, ఆరోగ్య బీమా 12,000. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 6,41,970, అంటే నెలకు 53,500కి కాస్త తక్కువ. అందులోంచి నా వంతు పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. పీఎఫ్ నా డబ్బే కాబట్టి దాని గురించి బాధ లేదు. గ్రాట్యుటీ మాత్రం పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు పూర్తయితేనే అందుతుంది. అంతకాలం ఉండే ఆలోచన లేకపోతే దాన్ని జీతంగా లెక్కించుకోవద్దు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. నన్ను దెబ్బతీసింది పట్టిక కాదు. వేర్వేరు పేజీల్లో, వేర్వేరు శీర్షికల కింద ఉన్న నాలుగు వాక్యాలు. విడివిడిగా చదివితే ఏదీ భయపెట్టదు. తేదీలు వేసుకుని కలిపి చదివితేనే ఉచ్చు ఎక్కడుందో కనిపిస్తుంది.

నేను చేరింది 2023 ఆగస్టు 1న. మూడో పేజీలో ప్రొబేషన్ ఆరు నెలలు అని ఉంది. ఆ వెంటనే "లిఖితపూర్వకంగా ధ్రువీకరించే వరకు ప్రొబేషన్ కొనసాగుతుంది" అన్న వాక్యం. ఆరు నెలలు జనవరి 31తో అయిపోయాయి, ఉత్తరం రాలేదు. మేనేజర్‌ను అడిగితే "అదంతా లాంఛనమే, పని చూసుకో" అన్నాడు. ఉత్తరం వచ్చింది మే 2న. ఆలస్యానికి నష్టమేమిటి అనుకుంటారేమో. ఆరో పేజీలో వేరియబుల్ పే కింద "మార్చి 31 నాటికి ధ్రువీకరణ పొందిన ఉద్యోగులకు మాత్రమే" అని ఉంది. అలా మొదటి ఏడాది వేరియబుల్ సున్నా. మేనేజర్ లాంఛనం అన్న కాగితం ఖరీదు అదీ.

రెండో ఏడాది సంగతి ఇంకా వింతగా ఉంటుంది. 2025 జనవరిలో మంచి ఆఫర్ వచ్చింది. నోటీస్ పీరియడ్ 90 రోజులు. (ప్రొబేషన్‌లో కంపెనీ నన్ను తీసేయాలంటే 15 రోజులు చాలు, నేను వెళ్లాలంటే అప్పుడూ 90 రోజులే. ఇదీ సంతకం పెట్టిన తర్వాతే చూశాను.) డబ్బు కట్టి ముందుగా వెళ్లే బైఅవుట్ ఉందిగా అనుకున్నాను. అది "కంపెనీ విచక్షణ మేరకు" అని రాసి ఉంది. అంటే వాళ్లు ఒప్పుకుంటేనే. ఒప్పుకోలేదు. జనవరి 10న రాజీనామా ఇచ్చాను, ఆఖరి రోజు ఏప్రిల్ 10. ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది కదా, పూర్తి ఏడాది పని చేశాను కదా, వేరియబుల్ వస్తుందనే నమ్మకం. చెల్లింపు జూన్‌లో. పత్రంలో "చెల్లింపు తేదీన ఉద్యోగంలో ఉండి, నోటీసులో లేనివారికి మాత్రమే" అని ఉంది. 1,35,000 పోయింది.

ఆ తర్వాత బయటపడింది బాండ్. 18 నెలలలోపు వెళితే రెండు లక్షలు కట్టాలి. ఆగస్టు 1 నుంచి లెక్కేస్తే 2025 జనవరి 31తో తీరిపోయిందని ధీమాగా ఉన్నాను. హెచ్‌ఆర్ వాళ్లు తొమ్మిదో పేజీ చూపించారు: "శిక్షణ పూర్తయిన తేదీ నుంచి 18 నెలలు". శిక్షణ ముగిసింది అక్టోబర్ 31న. అంటే బాండ్ ఏప్రిల్ 30 దాకా ఉంది. ఇరవై రోజుల తేడాకు రెండు లక్షలు! మిగిలిన కాలాన్ని బట్టి తగ్గించే మాట ఎక్కడా లేదు. డబ్బు కడితేనే రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేసినట్టు ఇచ్చే పత్రం, ఇస్తామన్నారు. కొత్త కంపెనీ వాళ్లను బతిమాలి మే 2కి చేరతానని ఒప్పించాను. ఇక్కడ ఆఖరి రోజును ఏప్రిల్ 30కి మార్చమని మెయిల్ పెట్టాను. కొత్త వాళ్లు కాస్త కఠినంగా ఉంటే ఆ ఆఫరూ పోయేది.

"బాండ్ చెల్లదు, పట్టించుకోకు" అని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. నాకూ ఇచ్చారు. పూర్తిగా నమ్మకండి. 2025 మేలో సుప్రీంకోర్టు విజయా బ్యాంకు కేసులో మూడేళ్లలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. అది ప్రభుత్వ రంగ బ్యాంకు, మళ్లీ నియామకం చేపట్టాలంటే దానికయ్యే ఖర్చు వేరు. కాబట్టి ప్రతి కంపెనీ బాండూ అలాగే నిలుస్తుందని కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం పత్రంలోని మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారం. అందుకే శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయిందని అడగాలి. నా విషయంలో శిక్షణ అంటే మూడు నెలలు పాత వీడియోలు చూడటమే. అయినా రిలీవింగ్ లెటర్ కావలసినవాడికి కోర్టుకెళ్లే తీరిక ఉండదు, వాళ్ల ధైర్యమూ అదే. బాండ్‌కు హామీగా సంతకం చేసిన ఖాళీ చెక్కో, ఒరిజినల్ సర్టిఫికెట్లో అడిగితే మాత్రం అక్కడ చేరకండి. ఆ చెక్కును బ్యాంకులో వేసి బౌన్స్ చేయించి కేసు పెడతామని బెదిరిస్తారు.

ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు చూసి నేను అన్నిటికంటే ఎక్కువ భయపడ్డాను. తీరా చూస్తే అన్నిటికంటే బలహీనమైనది అదే. ఉద్యోగం మానేశాక పోటీ సంస్థలో చేరకుండా ఆపే షరతు అదే చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదు. ఉద్యోగంలో ఉండగా మరోచోట పని చేయకూడదన్నది, కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్నది వేరే సంగతి. అవి చెల్లుతాయి. వెళ్లేటప్పుడు కోడ్, కస్టమర్ల జాబితా సొంత మెయిల్‌కు పంపుకోవద్దు.

మా చెల్లెలి పత్రం తీసుకుని ఇద్దరం కాగితం మీద గీత గీసి తేదీలు వేశాం. చేరే రోజు, ప్రొబేషన్ ముగిసే రోజు, మార్చి 31, వేరియబుల్ చెల్లించే నెల, బాండ్ మొదలయ్యే రోజు, తీరే రోజు. బాండ్ ఎప్పుడు మొదలవుతుందో పత్రంలో రాయనే లేదు. హెచ్‌ఆర్‌లో ఒకావిడ ఫోనులో "చేరిన రోజు నుంచే అమ్మా" అని చెప్పింది. కానీ చివరి పేజీలో "ఈ పత్రానికి వెలుపలి హామీలేవీ చెల్లవు" అని ఉంది. అందుకని నాలుగు ప్రశ్నలు మెయిల్ చేయించాను: బాండ్ ఏ తేదీ నుంచి, మధ్యలో వెళితే మొత్తం తగ్గుతుందా, ప్రొబేషన్ ఉత్తరం ఆలస్యమైతే వేరియబుల్ సంగతేమిటి, నోటీసులో ఉంటే అప్పటిదాకా సంపాదించిన వేరియబుల్ ఇస్తారా. జవాబుతో పాటు పత్రాన్ని సవరించి పంపమని అడిగాం.

మూడు రోజులైంది. మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు వచ్చింది. చెల్లెలు ఇంకా సంతకం పెట్టలేదు.