TL072 బఫర్‌కు 100 ఓం రెసిస్టర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

సెన్సర్ దగ్గర ఒక ప్రీఆంప్, దాని వెనక గెయిన్ 1తో పనిచేసే TL072 బఫర్, అక్కణ్ణుంచి 10 మీటర్ల RG-58 కేబుల్, ఆ చివర రికార్డర్. ఈ అమరికను ఏళ్లుగా వాడుతున్నాను. ఇందులో ఆప్-ఆంప్ కన్నా, రికార్డర్ కన్నా ఎక్కువ మెచ్చుకోవలసింది బఫర్ అవుట్‌పుట్‌కూ కేబుల్‌కూ మధ్య ఉన్న 100 ఓంల రెసిస్టర్‌నే అని నా నమ్మకం. షాపులో దాని ధర రూపాయి ఉంటుందేమో.

ముందు అది లేకపోతే ఏమవుతుందో చెప్తాను. RG-58 కేబుల్‌కు మీటరుకు దాదాపు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. 10 మీటర్లంటే సుమారు 1 నానోఫారడ్. రెసిస్టర్ తీసేసి, బఫర్‌కు 100 మిల్లీవోల్టుల చదరపు తరంగం ఇచ్చి, అవుట్‌పుట్ పిన్ దగ్గర 10x ప్రోబ్ పెట్టి చూస్తే అంచు శుభ్రంగా కనిపించదు. పైకి దూకి, కిందికి జారి, మళ్లీ లేచి, నాలుగైదు ఊపులయ్యాక గానీ నిలబడదు. ప్రోబ్‌ను 1x మీద పెట్టి చూడకండి, అదే ఇంకో 100 పికోఫారడ్‌లు తగిలిస్తుంది. ఇన్‌పుట్ స్టెప్ కూడా చిన్నదిగానే ఉండాలి. పెద్దదైతే స్లూ రేట్, అంటే అవుట్‌పుట్ మారగల గరిష్ఠ వేగం, అడ్డుపడి అసలు రోగం కనబడదు.

ఈ రింగింగ్ చూడగానే చాలామంది కేబుల్ చివరి నుంచి వచ్చే రిఫ్లెక్షన్ అనుకుంటారు. తేల్చుకోవడం సులువే. కేబుల్ పీకేసి దాని బదులు 1 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. ఊపులు దాదాపు అలాగే వస్తే కేబుల్ పొడవుది తప్పు కాదు, దాని కెపాసిటెన్స్‌దే. స్కోప్ లేనివాళ్లకు కూడా ఆనవాళ్లు దొరుకుతాయి. సర్క్యూట్ ఆగకుండా ఆసిలేట్ అయ్యే దశకు చేరితే చిప్ అకారణంగా వేడెక్కుతుంది. కేబుల్ మీద చెయ్యి వేస్తే మీటర్ రీడింగ్ మారిపోతుంది.

ఇలా ఎందుకవుతుందంటే, ఆప్-ఆంప్ లోపల కూడా ఒక అవుట్‌పుట్ రెసిస్టెన్స్ ఉంటుంది. TL072కి లెక్క కోసం 150 ఓంలు అనుకుందాం. ఫీడ్‌బ్యాక్ లేనప్పటి విలువ ఇది. ఈ 150 ఓంలూ, బయటి 1 నానోఫారడూ కలిసి లూప్ మధ్యలో ఒక ఆర్‌సి ఫిల్టర్ అయి కూర్చుంటాయి. `1/(2πRC)` ప్రకారం దాని పోల్, అంటే సిగ్నల్ తగ్గుతూ వెనకబడే చోటు, దాదాపు 1.06 మెగాహెర్ట్జ్ దగ్గర పడుతుంది. చిప్ గెయిన్-బ్యాండ్‌విడ్త్ 3 మెగాహెర్ట్జ్. అంటే లూప్ ఇంకా గట్టిగా పనిచేస్తున్న చోటే ఫీడ్‌బ్యాక్ ఆలస్యంగా అందుతోంది. గీజర్ కొళాయి తిప్పాక వేడినీళ్లు ఆలస్యంగా వస్తే మనం ఎక్కువ తిప్పేసి, కాలగానే వెనక్కి తిప్పేస్తాం చూడండి, ఆప్-ఆంప్ చేసేదీ అదే.

అంకెల్లో చూస్తే, లూప్ గెయిన్ 1కి దిగేది 1.63 మెగాహెర్ట్జ్ దగ్గర. అప్పటికే చిప్ సొంత పోల్ 90 డిగ్రీలు తినేసింది, కొత్త పోల్ ఇంకో 57 డిగ్రీలు తింటుంది. 180 డిగ్రీలూ అయిపోతే ఆసిలేషనే, అక్కడికి మిగిలే ఫేజ్ మార్జిన్ 33 డిగ్రీలే. ఈ లెక్కకు ఓవర్‌షూట్ 37 శాతం దాకా, ఊపుల ఫ్రీక్వెన్సీ 1.7 మెగాహెర్ట్జ్ దాకా వస్తాయి. చిప్‌లో ఇంకా పైనున్న పోల్స్ మరికొంత లాగేస్తాయి కాబట్టి బెంచ్ మీద కనిపించేది ఇంతకన్నా ఘోరంగానే ఉంటుంది. అదే గెయిన్ 10 పెడితే లూప్ 0.3 మెగాహెర్ట్జ్‌కు ముందే ముగుస్తుంది, మార్జిన్ 75 డిగ్రీల దాకా ఉంటుంది. అందుకే ఏ ఆప్-ఆంప్‌కైనా బఫర్‌గా వాడడమే కష్టమైన పరీక్ష. LM358 డేటాషీట్ అయితే గెయిన్ 1 దగ్గర 50 పికోఫారడ్‌ల వరకే తట్టుకుంటుందని నేరుగా చెప్పేస్తుంది. అది అర మీటరు కేబుల్‌తో సమానం.

ఇప్పుడు 100 ఓంలు పెట్టండి, ఫీడ్‌బ్యాక్ మాత్రం ఆప్-ఆంప్ పిన్ నుంచే తీసుకోండి. పోల్ 0.64 మెగాహెర్ట్జ్‌కు దిగుతుంది. అది చూసి పరిస్థితి ఇంకా పాడైందని టెన్షన్ పడక్కర్లేదు, ఎందుకంటే 1.59 మెగాహెర్ట్జ్ దగ్గర పోల్ ప్రభావాన్ని వెనక్కి తిప్పే ఒక జీరో కూడా వస్తుంది. ఆ ఫ్రీక్వెన్సీ దాటాక కెపాసిటర్ దాదాపు షార్ట్ లాంటిదే, కానీ దానికి ముందు 100 ఓంలు అడ్డంగా ఉన్నాయి. కాబట్టి పిన్ దగ్గర వోల్టేజ్ కేవలం 150కి 100 అన్న రెసిస్టర్ డివైడర్‌లా నిలబడుతుంది, వెనకబడదు. పోల్ 68 డిగ్రీలు తింటే జీరో 45 డిగ్రీలు తిరిగి ఇస్తుంది. మార్జిన్ 33 నుంచి 67కి చేరుతుంది. 47 ఓంలు పెట్టినా 52 దాకా వస్తుంది, అదీ పనికొచ్చేదే.

ఇన్నేళ్ల వాడకంలో నాకు దీని మీద గురి కుదిరింది మాత్రం ఇంకో కారణంతో. 10 మీటర్లు కాస్తా 30 మీటర్లయితే? పోల్, జీరో రెండూ కలిసే కిందికి జరుగుతాయి, వాటి మధ్య నిష్పత్తి మారదు. 150కి 100 ఓంలు పెట్టినప్పుడు ఆ నిష్పత్తి 2.5. దానితో ఆ జంట ఏ ఫ్రీక్వెన్సీ దగ్గరైనా 25 డిగ్రీలకు మించి తినలేదు. 47 ఓంలైతే ఆ హద్దు 38 డిగ్రీలు. కేబుల్ ఎంత పొడుగైనా ఆ హద్దు దాటదు. ఎవరో సైట్‌లో పొడుగు కేబుల్ తగిలించారని బఫర్ మళ్లీ మోగదు. లోడ్ చూసి విలువ ఎంచుకునే పని తప్పి, చిప్ చూసి ఎంచుకుంటే సరిపోతుంది.

ఒక బోర్డు రిపేర్‌కు వచ్చినప్పుడు చూశాను, రెసిస్టర్ ఉంది, అయినా రింగింగ్ ఆగడం లేదు. ట్రాక్ వెంట వెళ్తే ఫీడ్‌బ్యాక్‌ను ఆ రెసిస్టర్ అవతలి కాలు నుంచి తీసుకున్నారు. అప్పుడు ఆ 100 ఓంలు చిప్ లోపలి 150తో కలిసి 250 అవుతాయి, జీరో రాదు, ఓవర్‌షూట్ లెక్కకే 47 శాతానికి పెరుగుతుంది. మేలు చేయాల్సిన రెసిస్టర్ కీడు చేస్తుంది. ట్రాక్ కోసి పిన్ వైపుకు చిన్న తీగ వేయగానే అంచు నిటారుగా నిలబడింది.

ఫీడ్‌బ్యాక్ పిన్ నుంచే తీసుకుంటే ఈ రెసిస్టర్ లూప్ బయట ఉంటుంది కాబట్టి దాని మీద పడే వోల్టేజ్‌ను ఆప్-ఆంప్ సరిదిద్దలేదు. రికార్డర్ ఇన్‌పుట్ 1 మెగాఓం అయితే నష్టం 0.01 శాతం, దాన్ని పట్టించుకోను. అదే 10 కిలోఓంలైతే 1 శాతం పోతుంది, కొలతల పనిలో అది ఒప్పుకోలేం. అలాంటి చోట డీసీ ఫీడ్‌బ్యాక్‌ను 10 కిలోఓంల రెసిస్టర్‌తో కేబుల్ వైపు నుంచి తీసుకుని, పిన్ నుంచి ఇన్వర్టింగ్ ఇన్‌పుట్‌కు 100 పికోఫారడ్ కెపాసిటర్ వేస్తాను. నెమ్మదిగా మారే సిగ్నల్‌కు కచ్చితత్వం మళ్లీ వస్తుంది, కానీ స్టెప్ ఇచ్చాక చివరి విలువకు చేరడానికి సమయం ఎక్కువ పడుతుంది. ఉష్ణోగ్రత సెన్సర్లకు ఆ పద్ధతి, కంపనాలు కొలిచే చోట పిన్ నుంచే ఫీడ్‌బ్యాక్‌తో ఒక్క 100 ఓంలు. నా బోర్డులన్నీ ఈ రెండింట్లో ఏదో ఒకదానితోనే నడుస్తున్నాయి.