దిల్‌సుఖ్‌నగర్ నుంచి సికింద్రాబాద్‌కు స్ట్రోలర్‌తో మెట్రోలో: అమీర్‌పేట మీదుగానా, ఎంజీబీఎస్ మీదుగానా?

చంటిబిడ్డతో సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లాలంటే మెట్రోలో రెండు దారులున్నాయి. ఒకటి, ఎర్ర లైన్‌లో అమీర్‌పేట దాకా వెళ్లి, నీలం లైన్ ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగడం. రెండోది, నాలుగో స్టేషన్ ఎంజీబీఎస్‌లోనే ఆకుపచ్చ లైన్‌కు మారి సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగడం. మొదటిది 19 స్టేషన్ల ప్రయాణం, రెండోది 11.

అమీర్‌పేటలో ఉదయం, సాయంత్రం ఆఫీసు రద్దీలో స్ట్రోలర్ తోయడం అసలు కుదిరే పని కాదు. తలుపులు తెరుచుకోగానే దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఒకేసారి కదులుతారు. ముందు చక్రాలు ఎవరి కాలికో తగులుతాయి, లిఫ్ట్ దగ్గర క్యూ ఉంటుంది. బిడ్డ కూర్చున్న స్ట్రోలర్‌ను ఎస్కలేటర్ మీద మాత్రం ఎంత తొందరున్నా ఎక్కించకండి. ముందే మడిచేసి, బిడ్డను క్యారియర్‌లో కట్టుకుంటే చేతులు ఖాళీగా ఉంటాయి.

ఎంజీబీఎస్‌లోనూ లిఫ్ట్ వెతుక్కోవాలి, కానీ ఆకుపచ్చ లైన్‌లో జనం తక్కువ. స్ట్రోలర్ బ్రేక్ వేసి పక్కన నిలబడే చోటు తేలిగ్గా దొరుకుతుంది. చిక్కల్లా దిగాకే: వెస్ట్ కంటే ఈస్ట్ స్టేషన్ రైల్వే స్టేషన్‌కు దగ్గర. వెస్ట్ నుంచి రోడ్డు మీద తోసుకెళ్లడం కష్టం, ఆటో ఎక్కడమే మేలు.

అందుకే రద్దీ వేళల్లో నా ఓటు ఎంజీబీఎస్‌కే. మధ్యాహ్నం రైలు పట్టుకోవాలనుకుంటే, పదకొండు దాటాక బయల్దేరండి. సామాను కూడా ఉంటే అప్పుడు అమీర్‌పేట దారే నయం.