ఓవరాల్ 6.5 కావాలంటే: లిజనింగ్‌లో 30 కొట్టడమా, రెండు పేపర్లలో సమానంగా పోవడమా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఎంఎస్‌కు పోదామనుకునే పిల్లలు ఐఈఎల్‌టీఎస్ గురించి అడిగే మాట ఒకటే: "అన్నా, 6.5 రావాల్నంటే ఎన్ని కరెక్ట్ కావాలె?" దీనికి ఒక్క అంకెతో జవాబు లేదు. ఒకే బ్యాండ్‌కు చేరే దారులు రెండు మూడు ఉంటాయి.

లిజనింగ్, అకడమిక్ రీడింగ్ రెండింటిలోనూ 40 ప్రశ్నలు. ప్రశ్నకు ఒక మార్కు, నెగెటివ్ లేదు. ఆ రా మార్కును బ్యాండ్‌గా మార్చే పట్టిక సుమారుగా ఇది:

| బ్యాండ్ | లిజనింగ్ | అకడమిక్ రీడింగ్ |
|---|---|---|
| 5.5 | 18–22 | 19–22 |
| 6 | 23–25 | 23–26 |
| 6.5 | 26–29 | 27–29 |
| 7 | 30–31 | 30–32 |
| 7.5 | 32–34 | 33–34 |

పేపర్ కష్టాన్ని బట్టి ఒక్కో బ్యాండ్ మొదలయ్యే గీత ఒక మార్కు అటూ ఇటూ జరుగుతుంది. జనరల్ ట్రైనింగ్ రీడింగ్‌కు ఈ పట్టిక పనికిరాదు. అక్కడ 30 తెచ్చుకున్నా వచ్చేది 6 మాత్రమే.

మిర్యాలగూడలో ఇంట్లోనే ప్రిపేర్ అయ్యే ఒక అమ్మాయిని ఊహించుకుందాం. కావాల్సింది ఓవరాల్ 6.5, ఏ సెక్షన్‌లోనూ 6కి తగ్గొద్దు. రైటింగ్, స్పీకింగ్‌లలో రా మార్కులుండవు, ఎగ్జామినర్ నేరుగా బ్యాండ్ ఇస్తారు. ఆ రెండూ చెరో 6 అనుకుందాం. నాలుగింటి సగటు 6.25 వస్తే దాన్ని 6.5కు పెంచుతారు, 6.125 అయితే 6.0కు దించుతారు. అంటే నాలుగు బ్యాండ్ల మొత్తం 25 కావాలి. 12 చేతిలో ఉంది కాబట్టి లిజనింగ్, రీడింగ్ కలిసి 13 తేవాలి.

మొదటి దారి లిజనింగ్ 7, రీడింగ్ 6. రా మార్కుల్లో 30 + 23 = 53. రెండో దారి రెండింటిలోనూ 6.5. అది 26 + 27, మళ్లీ 53. పట్టికలో చూస్తే రెండూ సమానమే.

అయితే గీత మీద నిలబడే టార్గెట్ టార్గెట్ కాదు. ప్రాక్టీస్‌లో సరిగ్గా 23 తెచ్చుకుంటున్న మనిషి అసలు పరీక్షలో ఒక జవాబు తప్పితే 5.5కు పడుతుంది. అందుకే గీతకు రెండు మార్కులు కలపాలి. అప్పుడు మొదటి దారిలో 32, 25, రెండో దారిలో 28, 29 అవుతాయి. పోల్చి చూడాల్సింది ఈ అంకెలనే.

ఆమె మూడు ప్రాక్టీస్ టెస్టుల్లో లిజనింగ్ 27, 25, 29, రీడింగ్ 24, 26, 23. సుమారుగా 27, 24 దగ్గర ఉంది. మొదటి దారిలో లిజనింగ్ ఐదు, రీడింగ్ ఒకటి పెరగాలి. రెండో దారిలో లిజనింగ్ ఒకటి, రీడింగ్ ఐదు. మొత్తం రెండింట్లోనూ ఆరే. కాబట్టి తేల్చేది పట్టిక కాదు, మార్కులు ఎక్కడ పోతున్నాయన్నది.

తప్పైన జవాబులను ఒక్కొక్కటిగా కారణం రాసుకుంటూ చూడాలి. లిజనింగ్‌లో పోయిన 13లో నాలుగైదు స్పెల్లింగ్ వల్లో, బహువచనం చివరి అక్షరం వదిలేయడం వల్లో, రెండు పదాలు రాయమంటే మూడు రాయడం వల్లో పోయుంటే, ఆమె విన్నది సరిగ్గానే విన్నట్టు. అవి తొందరగా తిరిగొచ్చే మార్కులు, మొదటి దారే మేలు. అలా కాకుండా లిజనింగ్‌లో మూడో, నాలుగో భాగం అర్థంకాక పోతుంటే, రీడింగ్‌లో మాత్రం 60 నిమిషాలు చాలక మూడో ప్యాసేజ్‌లో ఐదారు ఖాళీలు మిగులుతుంటే, రెండో దారి పట్టాలి. టైమ్ సర్దుకోవడంతోనే ఆ ఐదులో కొన్ని వస్తాయి. ఖాళీ వదలడం మాత్రం ఎటు చూసినా నష్టమే.

ఒక తేడా మిగిలి ఉంది. మొదటి దారిలో రీడింగ్ 25 నుంచి మూడు మార్కులు జారితే 22, అంటే 5.5. లిజనింగ్ 32తో 7.5 వచ్చి ఓవరాల్ 6.5 నిలిచినా సెక్షన్ కనీసం 6 అనే షరతు దగ్గర అప్లికేషన్ ఆగుతుంది. రెండో దారిలో రీడింగ్ 29 నుంచి ఆరు జారినా 6 ఉంటుంది, ఓవరాల్ మాత్రం 6.0కు పోవచ్చు. యూనివర్సిటీ ఓవరాల్ మాత్రమే అడిగితే మొదటి దారికి భయం లేదు. సెక్షన్ కనీసం కూడా అడిగితే, మొదటి దారిలో పోయేవాళ్లు రీడింగ్ టార్గెట్‌ను 25 దగ్గర ఆపకుండా 26 చేసుకోవాలి. పరీక్ష బుక్ చేయడానికి చూడాల్సింది వరుసగా మూడు కొత్త టెస్టుల్లో తక్కువ వచ్చిన మార్కు. అది కూడా గీత దాటాలి. లిజనింగ్‌లో 29 ఒకసారి వచ్చిందని ఆ అమ్మాయి డేట్ తీసుకుంటే, పరీక్ష రోజు రెండో టెస్టులో వచ్చిన ఆ 25 ఎదురుపడొచ్చు.