కిచెన్ సింక్: సింగిల్ బౌలా, డబుల్ బౌలా?

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు తరచూ అడిగేది: "గట్టు మీద 37 అంగుళాల చోటుంది, డబుల్ బౌల్ పెట్టించుకోవచ్చా?" పడుతుంది. కానీ మీ పెనం అందులో పట్టదు.

37x18 డబుల్ బౌల్‌లో అంచులు, మధ్య గోడ పోగా ఒక్కో బౌల్‌కు 16, 17 అంగుళాలకు మించి మిగలవు. మూలలు గుండ్రంగా ఉంటే అడుగున ఇంకా తగ్గుతుంది. పిడితో కలిపి 18 అంగుళాలుండే పెనం వాలిపోయి నిలబడుతుంది, తోముతుంటే నీళ్లు గట్టు మీదికి చిందుతాయి. అదే చోట 24x18 సింగిల్ పెడితే లోపల దాదాపు 22 అంగుళాలు దొరుకుతాయి. పైగా పక్కన 13 అంగుళాల గట్టు మిగిలి, కడిగిన గిన్నెల బుట్టకు సరిపోతుంది. కొనే ముందు మీ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గిన్నెను పిడితో సహా కొలవండి. నా లెక్కలో తేల్చేది అదే.

రాత్రి అంట్లు పొద్దున పనిమనిషి వచ్చేదాకా సింక్‌లోనే ఉండే ఇంట్లో మాత్రం డబుల్ నిజంగా పనికొస్తుంది. బియ్యం, కూరగాయలు కడగడానికి ఒక బౌల్ ఖాళీగా ఉంటుంది. అయితే దానికి 45 అంగుళాల చోటు చూసుకోండి.

స్టీలు సింక్ మందం విషయంలో 1 మిల్లీమీటరు చాలు. 0.8 రేకు అడుగున బొటనవేలితో నొక్కితే లోపలికి పోతుంది, కుక్కర్ పెడితే మోగుతుంది. అడుగున అంటించిన రబ్బరు ముక్క చప్పుడు తగ్గిస్తుందే గానీ మందం పెంచదు. మందంతో పాటు స్టీలులో 304 గ్రేడ్ అడగండి. 202 రకం ఉప్పునీటి బోరుకు, సముద్రపు గాలికి త్వరగా తుప్పు మచ్చలు పడుతుంది. అయస్కాంతంతో ఈ రెండింటినీ వేరు చేయలేం, బిల్లు మీద గ్రేడ్ రాయించుకోండి. గ్రానైట్ సింక్ బరువు, ధర రెండూ ఎక్కువ.

నీళ్లు పోయే రంధ్రంలో బిగించే కప్లింగ్‌ను ఆ రంధ్రం కొలతను బట్టే కొనాలి, వీలైతే సింక్‌తో పాటే వచ్చేది తీసుకోండి. దాని కింద, పైపు వాసన పైకి రాకుండా కాసిని నీళ్లు నిలిపి ఉంచే ట్రాప్ వస్తుంది. వాష్‌బేసిన్‌కు వాడే 32 మి.మీ. ట్రాప్ కాకుండా 40 మి.మీ. బాటిల్ ట్రాప్ బిగించాలి. ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వద్దు, ఆ ముడతల్లో నూనె జిడ్డు పేరుకుంటుంది. డబుల్ బౌల్‌కు రెండు కప్లింగులనూ ముందు కలిపి, ఆ తర్వాత ఒకే ట్రాప్ పెట్టాలి. ఒక బౌల్ నీళ్లు వదిలితే రెండో దాంట్లో పైకొస్తున్నాయంటే అడ్డు ఆ కలిసే చోటు తర్వాతే ఉన్నట్టు. కప్లింగ్ విప్పడం దండగ, ట్రాప్ విప్పి చూడాలి.

ప్లంబర్ వెళ్లకముందే మూత పెట్టి సింక్ నింపి, అరగంట ఆగి, కింద ప్రతి జాయింటునూ పొడి కాగితంతో తుడవండి. ఆ తర్వాత మూత తీసి, నీళ్లన్నీ ఒక్కసారిగా పోతున్నప్పుడు మళ్లీ తుడవండి. ట్రాప్ దగ్గరి లీకు అప్పుడే బయటపడుతుంది.